ఊరి పిల్ల, వయసు లెక్క: కథలో సమీకరణం ఎక్కడ రావాలి?

ప్రశ్న: "హన్మకొండ దగ్గర సర్కారు బడిలో లెక్కలు చెప్త. ఎనిమిదో తరగతి గోడపత్రికకు ఒక చిన్న కథ రాయాలె. ఊరి పిల్ల ఒక వయసు లెక్కను బీజగణితంతో విప్పాలె. మూడు సార్లు రాసిన. ప్రతిసారి సగం కాంగనే కథ ఆగి లెక్కల పుస్తకం మొదలైతున్నది. ఎట్లాంటి లెక్క తీసుకోవాలె, కథల ఎట్ల కలపాలె?"

లెక్కను ముందు తయారుచేసుకుని దానికి కథ తొడగకండి. తన వయసు నిజంగానే తెలియని మనిషిని ఒకరిని తీసుకోండి, ఆ వయసు తెలుసుకోవాల్సిన అవసరం ఒకటి పెట్టండి. ఆ మనిషికి అంకెలు గుర్తుండవు, ఎవరో అన్న మాట మాత్రం గుర్తుంటుంది. ఆ మాటే సమీకరణం అవుతుంది. పిల్ల ముందు ఊహించి చూడాలి, ఆ ఊహ చెడిపోవాలి, ఆ తర్వాతే x రావాలి. మీ కథ సగంలో ఆగిపోవడానికి కారణం, x అవసరం పడకముందే వచ్చేయడం అయ్యుంటుంది.

పుస్తకాల్లో ఉండే "తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లు" కథకు ఎందుకు పనికిరాదో చూడండి. ఆ తండ్రికి తన వయసు తెలుసు. అడిగితే చెప్తాడు కదా, ఇంత తిప్పుడెందుకు అని పిల్లలకు వెంటనే తడుతుంది. మన దిక్కు ఊళ్లలో వయసు నిజంగా తెలియని పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు కాలాన్ని మేడారం జాతరతో కొలుస్తారు. జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది కాబట్టి ఆ కొలతకు లెక్క కూడా కుదురుతుంది. మొక్కు తీర్చడానికి మనిషి బరువంత బెల్లాన్ని, అంటే నిలువెత్తు బంగారాన్ని, తూచి ఇస్తారు. ఒక పళ్లెంలో మనిషి, ఇంకో పళ్లెంలో బెల్లం. సమీకరణానికి ఇంతకన్నా మంచి బొమ్మ మీ పిల్లలకు వేరే దొరకదు, ఎందుకంటే అది వాళ్లు కళ్లారా చూసిందే.

ఈ రెండింటితో కట్టిన కథ ఒకటి కింద ఇస్తున్నాను. దీన్నే వాడుకోవచ్చు, అంకెలు మార్చుకోవచ్చు. ఎక్కడెక్కడ జాగ్రత్త పడాలో కథ తర్వాత రాశాను.

తాత మాట

ఆధార్ కార్డుల నాయినమ్మ పుట్టిన తేదీ 01-01-1970 అని ఉన్నది. ఆ కార్డు తీసిననాడు వయసెంత అని అడిగితే నాయినమ్మ చేతులు తిప్పింది. రాసేటాయనకు ఏది తోస్తే అది రాసుకున్నడు. ఇప్పుడు పింఛనుకు యాభై ఏడు నిండాలంటున్నరు. కార్డు లెక్కన యాభై నాలుగే.

"నాకు అంతకన్న ఎక్కువనే ఉంటయి," అన్నది నాయినమ్మ.

"ఎంత ఎక్కువ?" అడిగింది రజిత.

"నాకేమెరుక బిడ్డా. మీ తాతకెరుకుండె."

తాత పోయి చానా ఏండ్లయింది. ఎనుమాముల మార్కెట్ల దడువాయిగ చేసిండు. మిర్చి బస్తాలు తూచి తూచి, ఇంట్ల మాట్లాడినా తూకం మాటలే మాట్లాడేటోడట.

"తాత ఎప్పుడన్న నీ వయసు చెప్పిండా?"

"అంకె చెప్పలే. మీ అత్తను మొదటిసారి మేడారం తీసుకపోయినప్పుడు దానికి నిలువెత్తు బంగారం తూపిచ్చినం. పిల్ల ఒక పళ్లెంల కూసున్నది. మీ తాత నా దిక్కు చూసి, 'ఏండ్లను తూచేదుంటే, నీకు సరితూగ ఈ పిల్లను నాలుగుసార్లు పెట్టాలె' అన్నడు. మల్ల దాని పెండ్లయిన యాడాది జాతరకు పోయినం. అప్పుడు 'ఇగ రెండుసార్లు పెడితే సాలు' అన్నడు. గంతే యాదికున్నది."

"ఆ రెండు జాతరల నడుమ ఎన్నేండ్లు?"

నాయినమ్మ లేచి, దూలానికి వేలాడుతున్న తాడు తీసుకొచ్చింది. మేడారం పోయొచ్చిన ప్రతిసారి ఒక ముడి వేసింది. ఒక్క జాతర కూడా తప్పలేదు. మొదటి ముడి అత్తను తీసుకపోయిన జాతరది. అత్త పెండ్లయిన యాడాది ముడికి ఎర్రదారం చుట్టి ఉన్నది. చివరిది మొన్న 2024 ఫిబ్రవరిలది.

రజిత ముడులు లెక్కపెట్టింది. మొదటి ముడి నుంచి ఎర్రముడి దాక ఎనిమిది. ఎర్రముడి నుంచి చివరి ముడి దాక తొమ్మిది. జాతర రెండేండ్లకోసారి కాబట్టి పదహారేండ్లు, పద్దెనిమిదేండ్లు.

పలక మీద ఊహించుకుంట రాసింది. మొదటి జాతరనాడు అత్తకు ఐదేండ్లనుకుంటే నాయినమ్మకు ఇరవై. పదహారేండ్లకు అత్తకు ఇరవై ఒకటి, నాయినమ్మకు ముప్పై ఆరు. రెండింతలంటే నలభై రెండు కావాలె. ఆరు తక్కువబడ్డది. అత్తకు ఆరేండ్లనుకున్నది. నాలుగు తక్కువ. ఏడనుకున్నది. రెండు తక్కువ. ఎనిమిదనుకున్నది. అప్పుడు నాయినమ్మకు ముప్పై రెండు, పదహారేండ్లకు నలభై ఎనిమిది. అత్తకు ఇరవై నాలుగు. సరిగ్గ సరితూగింది.

"నలభై ఎనిమిదికి పద్దెనిమిది కలిపితే అరవై ఆరు! నాయినమ్మా, నీకు అరవై ఆరేండ్లు!"

నాయినమ్మ తాడు చుట్టుకుంట ఊరికెనే ముడులు లెక్కపెట్టింది. "పదహారు జాతరలు జూసిన," అన్నది.

రజిత చేతుల సుద్ద ఆగింది. ఎనిమిది, తొమ్మిది కలిపితే పదిహేడు. తాడు మీద పదహారే ఉన్నయి. మల్ల లెక్కపెట్టింది. పదహారే.

ఎర్రముడిని రెండుసార్లు లెక్కపెట్టినట్టు అప్పుడు తెలిసింది. తాడును గట్టిగ గుంజి పట్టుకుని చూసింది. ఏండ్లు ముడులల్ల లేవు. ముడికీ ముడికీ నడుమ ఉన్న సందుల ఉన్నయి. మొదటి ముడి నుంచి ఎర్రముడి దాక సందులు ఏడే. పదహారేండ్లు కాదు, పద్నాలుగేండ్లు. అటుపక్క సందులు ఎనిమిది. పద్దెనిమిది కాదు, పదహారు.

పలక మీద రాసిందంతా వట్టిదయింది. మల్ల ఐదు నుంచి మొదలుపెట్టాల్నా? రేపు నాయినమ్మ ఇంకో ముడి యాదికి తెచ్చుకుంటే మల్ల మొదటికేనా?

పలక తుడిచింది. మొదటి ముడినాడు అత్త వయసు x అని రాసింది. నాయినమ్మది 4x. పద్నాలుగేండ్లకు ఇద్దరికీ పద్నాలుగు పెరిగినయి. తాత రెండో మాటను తరాజు లెక్క రాసింది.

4x + 14 = 2(x + 14)

కుడి పళ్లెంల ఇద్దరు అత్తలు. ఇద్దరి మీద పద్నాలుగు, పద్నాలుగు. అంటే 2x + 28. రెండు పళ్లేలల్ల నుంచి పద్నాలుగు తీసేసింది. రెండు పళ్లేలల్ల నుంచి ఇద్దరత్తలను దింపేసింది. ఎడమపక్క 2x, కుడిపక్క 14 మిగిలినయి.

"అత్తకు ఏడు. నీకు ఇరవై ఎనిమిది. అత్త పెండ్లినాటికి దానికి ఇరవై ఒకటి, నీకు నలభై రెండు. తాత మాట సరిపోయింది. ఇంకో పదహారు కలిపితే యాభై ఎనిమిది."

"యాభై ఎనిమిదా? అయితే పింఛను వస్తదా?"

"ఆఫీసుల తాడు నడవది నాయినమ్మా. కాగితం అడుగుతరు. నీ పాత కాగితాలు ఏమున్నయో బాపుతోని వెతికిద్దాం."

నాయినమ్మ తాడును మల్ల దూలానికి వేసింది. కొంచెంసేపు ఏం మాట్లాడలే. తర్వాత అడిగింది.

"ఆ మొదటి జాతరనాడు మీ తాతకెన్నుండె బిడ్డా?"

"దానికి ఇంకో మాట కావాలె. తాత ఇంకేమన్నడో యాదికి తెచ్చుకో."

కథ ఇంతే. ఇక అందులో ఏది ఎందుకుందో చెప్తాను. మీరు అంకెలు మార్చేటప్పుడు అది అక్కరకొస్తుంది.

ముడులు, సందులు. కథంతా ఈ ఒక్క పొరపాటు మీద నిలబడి ఉంది. ఎనిమిది జాతరలు చూస్తే నడుమ గడిచింది ఏడు రెండేళ్లు మాత్రమే. పిల్లలు మాత్రమే కాదు, పెద్దవాళ్లు కూడా ఇక్కడ తప్పుతారు. 1994, 1996, 1998 అని వరసగా 2008 దాకా బోర్డు మీద రాయించండి. అంకెలు ఎనిమిది వస్తాయి, 2008 లోంచి 1994 తీస్తే పద్నాలుగు వస్తుంది. ఈ పొరపాటు కథలో రెండు చోట్ల దొర్లింది కాబట్టి జవాబు ఎనిమిదేళ్లు తప్పి 58 బదులు 66 అయింది. గమనించాల్సింది ఇంకొకటుంది. తప్పు అంకెలతో కూడా ఊహించే లెక్క చక్కగా, పూర్తి సంఖ్యల్లో సరితూగింది. లెక్క కుదిరినంత మాత్రాన ముందు తీసుకున్న అంకెలు నిజమని కాదు. అందుకే తప్పును పట్టించే పని లెక్కకు కాకుండా తాడుకు ఇచ్చాను. దీన్ని టీచరు వచ్చి సరిదిద్దినట్టు రాస్తే కథ అక్కడే చప్పబడుతుంది.

ఊహించే పద్ధతిని తక్కువ చేసి రాయకండి. ఒక్కో మెట్టుకు తేడా ఆరు, నాలుగు, రెండు, సున్నా అని తగ్గిందని కథలో ఉంది కదా. అదీ గణితమే, చాలామంది పిల్లలు అటు నుంచే సమీకరణంలోకి వస్తారు. ఈ చిన్న లెక్కను x లేకుండా కూడా చేయొచ్చన్నది నిజం, పిల్లలకు ఆ నిజం తెలుసు. x లేకపోతే కుదరదని కథలో అబద్ధం చెప్పించకండి. x వల్ల వచ్చే లాభం వేరే ఉంది. నడుమ గడిచిన ఏళ్లు మారినప్పుడు ఊహలన్నీ మొదటికొస్తాయి, సమీకరణంలో మాత్రం ఒక్క అంకె మారుతుంది. గడిచిన ఏళ్లను k అనుకుంటే 4x + k = 2x + 2k, అంటే x అనేది k లో సగం. పదహారుకు ఎనిమిది, పద్నాలుగుకు ఏడు, పన్నెండుకు ఆరు. నాయినమ్మ ఎన్నిసార్లు మాట మార్చినా రజితకు ఒక్క భాగహారం చాలు.

పిల్లలు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం x అంటే ఏమిటో సరిగా రాయకపోవడం వల్లే వస్తాయి. "అత్త వయసు x" అని రాస్తే సరిపోదు. ఏనాటి వయసు? "మొదటి ముడినాడు అత్త వయసు x" అని రాయించండి. అలా రాసిన పిల్ల ఎర్రముడికి వచ్చేసరికి ఇద్దరికీ ఏళ్లు కలపాలని తనే గుర్తుపడుతుంది. రాయని పిల్లలు ఒకరికి కలిపి ఇంకొకరిని మరిచిపోతారు. అప్పుడు 4x = 2(x + 14) అవుతుంది, అత్తకు పద్నాలుగు, నాయినమ్మకు యాభై ఆరు వస్తాయి. పద్నాలుగేళ్ల తర్వాత అత్తకు ఇరవై ఎనిమిది, నాయినమ్మకు అదే యాభై ఆరు. నాయినమ్మ పద్నాలుగేళ్లు నిద్రపోయిందా అని అడిగితే తప్పు వాళ్లకే కనపడుతుంది.

రెండో తప్పు బ్రాకెట్టు దగ్గర జరుగుతుంది. 2(x + 14) ను 2x + 14 అని విప్పితే x సున్నా అవుతుంది. అత్తకు సున్నా, నాయినమ్మకు నాలుగింతల సున్నా. ఇద్దరూ ఒకేరోజు పుట్టారన్నమాట. అందుకే కథలో "ఇద్దరు అత్తలు, ఇద్దరి మీద పద్నాలుగు" అని మాటల్లో చెప్పించాను. తరాజు బొమ్మ గీస్తే కుడి పళ్లెంలో పద్నాలుగు రెండుసార్లు కనపడుతుంది, ఒక్కసారి రాయడానికి చెయ్యి రాదు.

ఇంకో తప్పు జాతరలనే ఏళ్లనుకోవడం. పద్నాలుగు బదులు ఏడు వేస్తే x మూడున్నర వస్తుంది, నాయినమ్మకు పద్నాలుగు. ఇద్దరి నడుమ తేడా పదిన్నరేళ్లే. పదిన్నరేళ్లకు తల్లి అయిందంటే ఎవరూ నమ్మరు. వయసు లెక్కల్లో తల్లికీ బిడ్డకూ నడుమ తేడా ఎప్పటికీ మారదు కాబట్టి చివరన ఆ తేడాను చూసుకోవడమే అన్నిటికన్నా మంచి తనిఖీ. మన కథలో అది ఇరవై ఒకటి. మొదటి ముడినాడు 28, 7. ఎర్రముడినాడు 42, 21. ఇప్పుడు 58, 37. మూడుచోట్లా తేడా ఇరవై ఒకటే. ఇంతలు మాత్రం నాలుగు నుంచి రెండుకు తగ్గాయి. ఈ రెండూ పక్కపక్కన చూపిస్తే వయసు లెక్కల గుట్టంతా అక్కడే బయటపడుతుంది.

అంకెలు మార్చాలనుకుంటే ఒక సంగతి చూసుకోండి. నాలుగింతలు, రెండింతలు అనే జతను ఉంచుకుంటే, అత్త మొదటి వయసు సందుల సంఖ్యతో సమానంగా వస్తుంది, తల్లీబిడ్డల తేడా దానికి మూడింతలు. ఆరు సందులు పెడితే తేడా పద్దెనిమిది, ఎనిమిది పెడితే ఇరవై నాలుగు. ఐదు పెడితే తేడా పదిహేనే అవుతుంది, బాల్యవివాహం కథలోకి వస్తుంది. మీరు దాని గురించి రాయాలనుకుంటే తప్ప అది వద్దు. మూడింతలు, రెండింతలు అనే జత చాలామందికి ముందు తడుతుంది గాని దాన్ని వదిలేయండి. అందులో 3x + k = 2x + 2k, అంటే x ఎప్పుడూ k కే సమానం. గడిచిన ఏళ్ల అంకెనే జవాబుగా దించేసిన పిల్లకు కూడా సరైన జవాబు వస్తుంది, ఎవరికి అర్థమైందో మీకు తెలియదు.

రెండు చరరాశులు వాడకండి. నాయినమ్మకు y పెట్టాలని మీకు అనిపిస్తుంది, కాని ఎనిమిదో తరగతి పిల్లలు నేర్చుకునేది ఒకే చరరాశి ఉన్న సమీకరణాలు. తాత మొదటి మాటతోనే నాయినమ్మ వయసు 4x అయిపోతుంది కాబట్టి y అవసరం కూడా లేదు. కథలో సమీకరణాన్ని ఒక్క వరసలోనే రాసి, విప్పడాన్ని తరాజు మాటల్లో చెప్పండి. మెట్టుమెట్టుకూ అంకెల వరసలు రాస్తే మళ్లీ లెక్కల పుస్తకమే అవుతుంది. ఆ మెట్లు గోడపత్రికలో పక్కన వేరే డబ్బాలో వేయండి.

నిండిన ఏళ్లా, నడుస్తున్న ఏళ్లా అని ఎవరైనా పిల్ల అడగొచ్చు, అడిగితే మంచిదే. ఊళ్లో "ఏడో ఏడు నడుస్తంది" అంటారు, అప్పటికి నిండింది ఆరే. తాత ఇద్దరికీ నడుస్తున్న ఏళ్లే లెక్కపెట్టి ఉంటే నిండినవి 27, 6 అవుతాయి, నాయినమ్మకు ఇప్పుడు నిండింది యాభై ఏడు. ఒక్క ఏడు తగ్గినా పింఛను గీతను దాటే ఉంటుంది. 58 ఎంచుకోవడానికి అదీ ఒక కారణం. మీరు అంకెలు మారిస్తే చివరి వయసు సరిగ్గా 57 రాకుండా చూసుకోండి, లేకపోతే ఈ ఒక్క ప్రశ్నతో కథ ముగింపు కదిలిపోతుంది.

చివర్లో ఆఫీసులో లెక్క చూపించగానే పింఛను మంజూరైనట్టు రాయొద్దు. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చాలంటే పత్రం కావాలని పిల్లలకు ఇళ్లల్లో తెలుసు. వాళ్లు అక్కడ కథను నమ్మడం మానేస్తారు.

నాయినమ్మ చివరి ప్రశ్నను వచ్చే నెల గోడపత్రికకు వాడుకోండి. "నాయినమ్మకు యాదికొచ్చింది: అదే మొదటి జాతరనాడు తాత, 'నాకైతే ఈ పిల్లను ఐదుసార్లు పెట్టాలె' అన్నడు. ఎర్రముడినాటికి తాతకు ఎన్నేండ్లు?" అని అడగండి. మొదటి ముడినాడు తాతకు 35, పద్నాలుగేళ్లకు 49. కొందరు మాత్రం అత్త ఇరవై ఒకటిని ఐదుతో గుణించి 105 అని రాస్తారు. ఇంతలు కాలంతో మారుతాయన్నది వాళ్లకింకా అందలేదని అర్థం. వాళ్లకు తాడు చేతికిచ్చి, 35, 7 దగ్గర మొదలుపెట్టి ఒక్కో సందుకూ ఇద్దరికీ రెండేసి ఏళ్లు కలుపుకుంటూ ఎర్రముడి దాకా వేళ్లతో నడిపించండి.